ఇద్దరు మిత్రులు కలిసి ఫ్లాట్ కొనే ముందు: బయటికి వెళ్లే దారి ముందే రాసుకోండి

స్నేహితులు కలిసి ఫ్లాట్ కొంటే గొడవలు దేని మీద వస్తాయని అడిగితే చాలామంది కరెంటు బిల్లు, మెయింటెనెన్స్, పెద్ద గది ఎవరికి అన్నవే చెబుతారు. అవి కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయేవి. తీరనిది వేరే ఉంది. లోన్ ఇంకా చాలా మిగిలి ఉండగా ఒకరు వచ్చి "నేను తప్పుకుంటాను, నా డబ్బు నాకివ్వు" అంటారు. కారణం పెళ్లి కావచ్చు, వేరే చోట ఉద్యోగం కావచ్చు, మనసు మారడమూ కావచ్చు. ఆ రోజు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి, లోన్ ఎవరి మీద ఉంటుంది, కుదరకపోతే ఏం చెయ్యాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు కోసమే సహ యజమానుల ఒప్పందం రాసుకుంటారు.

దాన్ని అడ్వాన్స్ ఇవ్వకముందే రాసుకోవాలి. అడ్వాన్స్ చేతులు మారాక "ఇప్పుడు ఈ షరతు ఒప్పుకోను" అనే ధైర్యం ఎవరికీ ఉండదు. వెనక్కి తగ్గితే ఎక్కువ నష్టపోయేవారు ఏదైనా సంతకం పెట్టేస్తారు. ఇంకో మాట: ఇద్దరికీ ఒకే వకీలు సరిపోతాడనుకోవద్దు. రాసేది ఒకరే అయినా, రెండోవారు తమ తరఫున వేరే వకీలుకు ఒకసారి చూపించుకోవాలి. స్టాంపు, రిజిస్ట్రేషన్, పన్ను నియమాలు ఎక్కడికక్కడ వేరు కాబట్టి ఆ భాగం మీ ప్రాంతపు చట్టం తెలిసినవారే చూడాలి.

బ్యాంకుకు మీ ఒప్పందంతో పని లేదు

ఇద్దరూ కలిసి లోన్ తీసుకుంటే మామూలుగా బ్యాంకు కాగితంలో బాధ్యత "ఉమ్మడిగానూ, విడివిడిగానూ" అని ఉంటుంది. అంటే మీ వాటా సగమే అయినా, అవతలివారు కట్టకపోతే బ్యాంకు మొత్తం బాకీని మిమ్మల్నే అడగగలదు. "మేమిద్దరం చెరి సగం అని రాసుకున్నాం" అని మీ ఒప్పందం చూపిస్తే ఉపయోగం లేదు, ఎందుకంటే అందులో బ్యాంకు సంతకం లేదు. ఆ కాగితం మీ ఇద్దరి మధ్యే చెల్లుతుంది. కట్టేసినవారు తర్వాత అవతలివారి దగ్గర వసూలు చేసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

దీని నుంచి వచ్చే అసలు ప్రమాదం వెళ్లిపోయేవారికే. వాటా రాసిచ్చి, డబ్బు తీసుకుని వెళ్లిపోయినా, లోన్‌లో పేరు అలాగే ఉంటే బాధ్యత పోలేదు. రెండేళ్ల తర్వాత ఫ్లాట్‌లో ఉన్నవారు ఈఎంఐ ఆపేస్తే నోటీసు ఇద్దరికీ వస్తుంది. ఈలోగా కొత్త లోన్‌కు వెళితే పాత బాకీ మొత్తం మీ ఖాతాలోనే కనిపించి, అర్హత తగ్గిపోతుంది. కాబట్టి నిష్క్రమణ క్లాజులో ఈ వాక్యం తప్పకుండా ఉండాలి: "వాటా బదిలీ, డబ్బు చెల్లింపు, వెళ్లేవారిని లోన్ బాధ్యత నుంచి తప్పిస్తూ బ్యాంకు ఇచ్చే లేఖ, ఈ మూడూ ఒకే రోజున జరగాలి. ఏ ఒక్కటి లేకపోయినా నిష్క్రమణ జరగనట్టే."

ఎవరికి ఎంత: మూడు లెక్కలు, మూడు జవాబులు

ఫ్లాట్ ధర 100 అనుకుందాం. చేతి డబ్బు 30, లోన్ 70. చేతి డబ్బులో ఒకరు 20 పెట్టారు, రెండోవారు 10. లోన్ మాత్రం చెరి సగం కట్టుకుందామనుకున్నారు, అంటే తలా 35. అప్పుడు మొదటివారి మొత్తం 55, రెండోవారిది 45. యాజమాన్య పత్రంలో వాటాలు 55:45 అని రాయించడం న్యాయం. ఏమీ రాయకపోతే సమాన వాటాలే అనుకునే వీలుంటుంది, ఎక్కువ పెట్టినవారు తర్వాత రుజువులు వెతుక్కోవాలి.

కొన్నేళ్లు గడిచాయి. ఫ్లాట్ విలువ 120 అయింది, లోన్ బాకీ 62కు తగ్గింది. బాకీ తీసేస్తే చేతికొచ్చేది 58. చిన్న వాటాదారు వెళ్లిపోతానన్నారు. ఆయనకెంత రావాలి?

"చెరి సగం" అంటే 29. "మిగిలిన 58లో నా 45 శాతం" అంటే 26.1. "విలువలో నా 45 శాతం, అంటే 54. అందులో నా సగం బాకీ 31 తీసెయ్యి" అంటే 23. ముగ్గురు మధ్యవర్తులను అడిగితే ముగ్గురూ మూడు చెప్పగలరు, ఒక్కటీ వినడానికి అన్యాయంగా అనిపించదు.

సరైనది మూడోదే అని నా అభిప్రాయం. సరిచూసుకోవడం తేలిక. ఆయన చేతి నుంచి 10 పెట్టారు. తగ్గిన 8 అసలులో ఆయన సగం 4. పెరిగిన 20 విలువలో 45 శాతం 9. మొత్తం 23. పెద్ద వాటాదారుకు 20, 4, 11 కలిపి 35. రెండూ కలిపితే సరిగ్గా 58. రెండో లెక్కలో ఎక్కడ పొరపాటంటే, లోన్‌ను చెరి సగం కడుతూ బాకీని మాత్రం 55:45లో పంచుతుంది. కట్టేది ఏ నిష్పత్తిలోనో బాకీ పంపకం కూడా అదే నిష్పత్తిలో ఉండాలి.

అందుకే ఒప్పందంలో "న్యాయంగా పంచుకోవాలి" అని కాకుండా ఈ సూత్రాన్నే రాసి, కింద ఇలాంటి ఉదాహరణ అంకెలతో సహా చేర్చండి. ఉదాహరణ ఉన్న క్లాజుకు రెండో అర్థం తీయడం కష్టం.

విలువ పడిపోతే ఏమవుతుందో కూడా అందులోనే ఉండాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. అదే బాకీ దగ్గర విలువ 60కి పడితే చిన్న వాటాదారు భాగం 27, ఆయన బాకీ 31. అంటే వెళ్లిపోవాలంటే ఆయనే 4 ఎదురు కట్టాలి. పెరిగినప్పుడు సూత్రం, పడినప్పుడు స్నేహం అంటే కుదరదు.

ఒకరు ఈఎంఐ కట్టలేకపోతే

ఉద్యోగం పోయి ఒకరు కొన్ని నెలలు కట్టలేదు, రెండోవారు ఇద్దరిదీ కట్టారు. అలా చిన్న వాటాదారు తరఫున కట్టింది 3 అనుకుందాం. దీన్ని ఎలా చూడాలన్నదానికి రెండు పద్ధతులు చెబుతుంటారు. వాటాలే మార్చేయడం ఒకటి, దాన్ని చేబదులుగా రాసుకోవడం ఇంకొకటి.

వాటా మార్చడం వినడానికి సులువే కానీ పత్రాల్లో ఉన్న వాటా మీ నోటిమాటతో మారదు. ప్రతిసారీ బదిలీ పత్రం, ఖర్చు, కొన్నిచోట్ల పన్ను. పైగా ఆస్తి తనఖాలో ఉంది కాబట్టి బ్యాంకు అనుమతి కూడా కావాలి. చేబదులు పద్ధతే మేలు. హోమ్ లోన్ వడ్డీ రేటే దీనికీ పెట్టుకోవచ్చు, లేదా కొద్దిగా ఎక్కువ పెట్టుకోవచ్చు. మరీ ఎక్కువ పెడితే కష్టంలో ఉన్న స్నేహితుడికి శిక్షలా ఉంటుంది. వెళ్లే రోజున 23లోంచి ఆ 3, దాని మీద వడ్డీ తీసేసి మిగిలింది ఇస్తారు.

దీనికో హద్దు కూడా ఉండాలి. వరుసగా ఆరు నెలలు కట్టకపోతే, లేదా చేబదులు ఫలానా మొత్తం దాటితే, కడుతున్నవారికి అవతలి వాటా కొనే హక్కో ఫ్లాట్ అమ్మించే హక్కో వస్తుందని రాసుకోండి. ఉమ్మడి ఖాతా ఒకటి తెరిచి, అందులో కనీసం మూడు నెలల ఈఎంఐ ఎప్పుడూ నిల్వ ఉంచితే ఈ క్లాజు దాకా వెళ్లే అవసరం తక్కువ పడుతుంది. ఇద్దరిలో ఒక్కరే ఫ్లాట్‌లో ఉంటే రెండోవారికి అద్దె లెక్క ఎలా అన్నది కూడా మొదటి రోజే తేల్చుకోండి. వెళ్లేటప్పుడు పాత అద్దెలు తవ్వితే ఇక ముగింపు ఉండదు.

నోటీసు నుంచి తాళాల దాకా

వెళ్లదలచినవారు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మొదటి రెండు మూడేళ్లు నోటీసు ఇవ్వకూడదని పెట్టుకోవడం మంచిదే, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా రాకముందే అమ్మాల్సిన పరిస్థితి రాదు. తర్వాత విలువ కట్టడం. చెరో స్వతంత్ర వాల్యుయర్‌ను పెట్టి రెండింటి సగటు తీసుకోవచ్చు. రెండింటి మధ్య తేడా 10 శాతం దాటితే మూడోవారిని పిలవాలి. ఫీజు ఎవరిదో కూడా రాయండి.

తర్వాత ఉండేవారికి మొదట కొనే హక్కు. ఇక్కడ జాగ్రత్త. గడువు లేని కొనే హక్కు వెళ్లేవారి కాళ్లకు బంధం. "ఆలోచిస్తున్నా, బ్యాంకుతో మాట్లాడుతున్నా" అంటూ ఏడాది గడపొచ్చు, ఈఎంఐ మాత్రం ఇద్దరూ కడుతూనే ఉండాలి. కొంటారో లేదో చెప్పడానికి 30 రోజులు, డబ్బు, లోన్ ఏర్పాటుకు మరో 90 రోజులు అని అంకెలు వేయండి.

మన ఉదాహరణలో ఉండేవారు 23 ఇస్తే సరిపోదు. 62 బాకీ మొత్తం ఒక్కరి జీతం మీద మోయగలరని బ్యాంకును ఒప్పించాలి. ఇద్దరి ఆదాయం చూసి ఇచ్చిన లోన్‌ను ఒక్కరి పేరుకు మార్చడానికి బ్యాంకు చాలాసార్లు ఒప్పుకోదు. ఇక్కడే ఎక్కువ నిష్క్రమణలు ఆగిపోతాయి. కాబట్టి గడువు లోపల బ్యాంకు విడుదల లేఖ రాకపోతే మొత్తం ఫ్లాట్ అమ్మకానికి పెట్టాల్సిందేనని క్లాజు స్పష్టంగా చెప్పాలి.

"నా వాటా బయటివాళ్లకు అమ్ముకుంటా" అన్నది కాగితం మీద దారే కానీ, తెలియని మనిషితో సగం ఫ్లాట్ పంచుకోవడానికి వచ్చేవారు అరుదు. వచ్చినా బాగా తగ్గించి అడుగుతారు, దాని మీద లోన్ దొరకడమూ కష్టం.

అమ్మకం

మొత్తం అమ్మేటప్పుడు గొడవ ధర దగ్గర వస్తుంది. ఒకరికి తొందర, ఇంకొకరికి ఆశ. వాల్యుయేషన్ ధరతో మొదలుపెట్టి, మూడు నెలల్లో అమ్ముడుపోకపోతే 5 శాతం, మరో మూడు నెలలకు ఇంకో 5 శాతం తగ్గించాలని రాసుకుంటే ఎవరూ ఎవర్నీ బతిమాలే పని ఉండదు. ఆ ధరకు నిజమైన కొనుగోలుదారు వస్తే ఇద్దరూ సంతకం పెట్టాలి. పెట్టకుండా ఆపినవారు ఆ రోజు నుంచి పూర్తి ఈఎంఐ తామే భరించాలి. వచ్చిన డబ్బులో ముందు బ్యాంకు బాకీ, తర్వాత అమ్మకం ఖర్చులు, తర్వాత చేబదుళ్లు, ఆ తర్వాతే పై సూత్రం ప్రకారం పంపకం. ఖర్చులు వాటాల నిష్పత్తిలో.

ఇవేవీ రాసుకోకపోతే మిగిలేది కోర్టులో విభజన దావా. స్థలాన్నయితే గీత గీసి పంచొచ్చు, ఫ్లాట్‌ను అలా పంచలేరు. చివరికి అమ్మి డబ్బు పంచమనే చెబుతారు, ఈలోపు ఏళ్లు, ఫీజులు పోతాయి.

ఒకరు చనిపోతే వాటా ఎవరికి వెళుతుందన్నది యాజమాన్య పత్రం రాసే తీరు మీద ఆధారపడుతుంది. కొన్ని దేశాల్లో ఒక రకమైన ఉమ్మడి యాజమాన్యంలో బతికున్నవారికే మొత్తం దక్కుతుంది, ఇంకో రకంలో వారసులకు. స్నేహితుల మధ్య సాధారణంగా రెండోదే కావాలి కాబట్టి పత్రంలో విడివిడి వాటాలు ఉన్నాయో లేదో అడిగి చూసుకోండి. వారసులకూ ఇవే షరతులు వర్తిస్తాయని ఒప్పందంలో రాయండి, లోన్‌కు సరిపడా జీవిత బీమా ఇద్దరూ తీసుకోండి. ఏడాదికోసారి లోన్ బాకీ, ఎవరెంత కట్టారు, చేబదులు ఎంత అన్నది ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే, వెళ్లే రోజున పాత బ్యాంకు స్టేట్‌మెంట్లు వెతికే పని ఉండదు.