చెక్కు రిటర్న్ మెమో ఫోటో నుంచి కస్టమరు బాకీ దాకా: లెక్క ఎక్కడ తప్పుతోంది?

చెక్కు వాపసు వచ్చిందంటే మన పుస్తకాల్లో జరగాల్సింది నిజానికి చిన్న పని. జమ చేసిన మొత్తం మళ్లీ కస్టమరు బాకీగా మారాలి, బ్యాంకు తీసుకున్న రుసుము ఖర్చులోకి వెళ్లాలి. అయినా నెలాఖరున లెక్కలు సరిచూసే వేళ ఎక్కువ తలనొప్పి ఇక్కడే వస్తుంది. కారణం, మెమో చాలాసార్లు కాగితంగా కాక ఫోనులో తీసిన ఫోటోగానో, స్కాన్‌గానో అకౌంటెంట్ చేతికి అందుతుంది. దానిలో కొంత సమాచారం మసకగా ఉంటుంది, కొంత అసలు ఉండనే ఉండదు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. కస్టమరు జూన్ 8 తేదీతో రూ.1,46,320కి చెక్కు ఇచ్చాడు. అది మూడు బిల్లులకు: మార్చి 4 నాటి రూ.62,500, మార్చి 27 నాటి రూ.48,320, ఏప్రిల్ 15 నాటి రూ.35,500. జూన్ 11న మన ఖాతాలో జమ అయింది, 12న వాపసు వెళ్లింది. మెమో ఫోటో అకౌంట్స్ విభాగానికి 16న చేరింది.

సమస్య: బ్యాంకు లెడ్జరుకూ స్టేట్‌మెంటుకూ రూ.6,000 తేడా

తేడా ఎంతో తెలిస్తే సగం పని అయినట్టే. ఒక అంకె, దాని వెనుక అన్నీ సున్నాలే ఉంటే, ఎక్కడో ఒక అంకెను తప్పుగా చదివారని అనుమానించాలి. ఇక్కడ 1,46,320ని 1,40,320గా ఎక్కించారు. మెమో మీద బ్యాంకు ముద్ర సరిగ్గా మొత్తం గడి మీద పడితే 6 కాస్తా 0లా కనిపిస్తుంది. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. 1,64,320గా ఎక్కించి ఉంటే తేడా 18,000 వచ్చేది, అది 9తో భాగించబడుతుంది.

పరిష్కారం ఏమిటంటే, మొత్తాన్ని ఫోటోలోంచి చదివి నేరుగా నమోదు చేయకూడదు. ఫోటోలోంచి ముందుగా తీసుకోవాల్సింది ఆరంకెల చెక్కు నంబరు. దాన్ని చెక్కు స్కాన్ కాపీలో అడుగున అచ్చయిన మొదటి ఆరంకెలతో పోల్చండి. ఆ నంబరుతో మన రశీదు నమోదును వెతకండి. మొత్తం రశీదులో ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంటులో జమగా ఒకసారి, వాపసుగా మరోసారి కనిపిస్తుంది. ఈ మూడు చోట్లా అంకె ఒకటే అయితే ఫోటోలో ఎంత మసకగా ఉన్నా పరవాలేదు. మెమోలోని మొత్తం నాలుగో సాక్ష్యం మాత్రమే. అది మిగతావాటితో విభేదిస్తే ఫోటోను పెద్దది చేసి చూస్తూ కూర్చోకుండా బ్యాంకును స్పష్టమైన కాపీ అడగడం మేలు. ఆ కాగితం తర్వాత నోటీసుకూ కావాలి.

సమస్య: మొత్తం సరిపోయింది, రూ.295 మాత్రం తేలడం లేదు

ఇది దాదాపు ఎప్పుడూ రుసుమే. చాలా మెమోల్లో రుసుము గడి ఉండదు, ఉన్నా ఖాళీగా వస్తుంది. రుసుము స్టేట్‌మెంటులో వేరే వరుసగా పడుతుంది. ఒక్కోసారి అదే రోజు కాక తర్వాత పడుతుంది, జీఎస్టీ ఇంకో వరుసలో ఉంటుంది. మన ఉదాహరణలో రూ.250 ఒక వరుస, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.45 ఇంకో వరుస. చిన్న మొత్తాలు కదా అని వదిలేస్తే నాలుగు చెక్కుల రుసుములు కలిసి గుర్తుపట్టలేని అంకెగా మారతాయి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. బ్యాంకుల రుసుముల పట్టికలో రెండు వేర్వేరు ధరలుంటాయి. చెక్కు ఇచ్చినవాడి నుంచి అతని బ్యాంకు తీసుకునేది ఒకటి, చెక్కు వేసినవాడి నుంచి మన బ్యాంకు తీసుకునేది మరొకటి. మొదటిది సాధారణంగా ఎక్కువ. పట్టిక చూసి అంకె ఎక్కిస్తే ఆ పెద్ద అంకె మన ఖర్చులోకి వస్తుంది. అందుకే రుసుమును స్టేట్‌మెంటులోంచి మాత్రమే తీసుకోవాలి. రూ.250 బ్యాంకు రుసుముల ఖాతాకు, రూ.45 ఇన్‌పుట్ జీఎస్టీకి వెళ్తాయి. మన జీఎస్టీ నంబరు బ్యాంకు దగ్గర నమోదై ఉండి, బ్యాంకు ఇచ్చే పన్ను పత్రంలో అది కనిపించి, ఆ క్రెడిట్‌కు మనకు అర్హత ఉంటేనే రెండోది క్రెడిట్‌గా వాడుకోవాలి. లేకుంటే రూ.295 మొత్తం ఖర్చే.

చెక్కు వాపసులో మన తప్పేమీ లేకుండా, చెక్కు స్కాన్ బొమ్మ స్పష్టంగా లేదనడం లాంటి సాంకేతిక కారణం చూపి బ్యాంకు రుసుము పట్టిందనుకోండి. రిజర్వ్ బ్యాంకు 2013లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఖాతాదారు తప్పు ఉన్నప్పుడే రుసుము తీసుకోవాలి. అలాంటి చెక్కును బ్యాంకు తనంతట తానే తర్వాతి క్లియరింగులో, 24 గంటలు మించకుండా, మళ్లీ పంపాలి. అంటే ఆ రుసుమును ఖర్చు రాయడం కాదు, తిరిగి ఇమ్మని అడగాలి.

సమస్య: కస్టమరు బాకీ మొత్తం సరిగానే ఉంది, కానీ అన్నీ కొత్త బాకీలుగా కనిపిస్తున్నాయి

లెడ్జరు నిల్వ చూస్తే రూ.1,46,320 తిరిగి వచ్చింది. ఎవరికీ అనుమానం రాదు. జూన్ 30న ఎన్నాళ్ల బాకీ అన్న పట్టిక తీస్తే మాత్రం మొత్తం 18 రోజుల బాకీగా కనిపిస్తుంది. నిజానికి ఆ రోజుకు మొదటి బిల్లుకు 118 రోజులు, రెండో దానికి 95, మూడో దానికి 76. వసూళ్లు చూసేవారికి ఈ కస్టమరు మంచివాడుగా కనిపిస్తాడు, సరుకు ఇంకా వెళ్తూనే ఉంటుంది.

కారణం, వాపసు నమోదు చేసేటప్పుడు కస్టమరు ఖాతాకు డెబిట్ వేసి, బిల్లు జత అడిగినచోట కొత్త రిఫరెన్సు అని ఇచ్చేయడం. దాంతో సాఫ్ట్‌వేరు జూన్ 12నే బిల్లు తేదీ అనుకుంటుంది. పాత మూడు బిల్లులు చెల్లింపు అయినవిగానే మిగిలిపోతాయి. ఇంకో రకం కూడా ఉంది: మొత్తాన్ని ప్రస్తుతానికి ఏ బిల్లుకూ చేర్చకుండా ఖాతా మీద పడేసి, తర్వాత జత చేద్దామని మర్చిపోవడం. అప్పుడు ఏ బిల్లుకూ చెందని డెబిట్ ఒకటి వేలాడుతుంది.

సరైన నమోదు ఇది. వాపసు తేదీ, అంటే స్టేట్‌మెంటులో డెబిట్ పడిన జూన్ 12తో, కస్టమరు ఖాతాకు రూ.1,46,320 డెబిట్, బ్యాంకుకు క్రెడిట్. ఆ డెబిట్‌ను మూడు ముక్కలు చేసి అదే పాత బిల్లు నంబర్లకు, 62,500, 48,320, 35,500గా జత చేయాలి. చెల్లింపు పూర్తయిన బిల్లు జాబితాలో కనబడకపోతే, సాఫ్ట్‌వేరును బట్టి, రశీదును తెరిచి బిల్లుతో ఉన్న జతను విడదీసి మళ్లీ కలపాల్సి రావచ్చు. నమోదు పూర్తయ్యాక ఆ కస్టమరు పెండింగు బిల్లుల పట్టికను అదే క్షణంలో తీసి చూడండి. మూడు పాత తేదీలు కనిపిస్తేనే పని పూర్తయినట్టు.

రశీదునే తొలగించేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చాలామంది చేసేది అదే. కానీ స్టేట్‌మెంటులో జూన్ 11న జమ, 12న డెబిట్ రెండూ ఉన్నాయి. రశీదు పోతే ఆ రెండింటికీ మన పుస్తకంలో జతలేదు. పైగా చెక్కు వచ్చిందనీ, తిరిగి వెళ్లిందనీ చెప్పే ఆనవాలు పోతుంది. అలాగే కొందరు క్రెడిట్ నోటు వేస్తారు. అది ఇంకా పెద్ద తప్పు. అమ్మకం జరిగింది, సరుకు వెళ్లింది, దాని మీద జీఎస్టీ కట్టాల్సిందే. చెక్కు వాపసు అమ్మకాన్ని రద్దు చేయదు.

సమస్య: కస్టమరుకు పంపిన లేఖలో కారణం తప్పు

కొన్ని మెమోల్లో కారణాలన్నీ ముందే అచ్చయి ఉంటాయి, బ్యాంకు ఒక దానికి టిక్ పెడుతుంది. ఫోటో వంకరగా తీస్తే టిక్ పక్క వరుసకు చెందినట్టు కనిపిస్తుంది. ఇలాంటప్పుడు కోడ్ నంబరు ఆదుకుంటుంది. 01 అంటే Funds Insufficient, 12 అంటే Drawer's signature differs, 20 అంటే Payment stopped by drawer. కోడ్, మాట రెండూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోకపోతే లేఖ పంపకండి. డబ్బు లేదని రాసి, అసలు కారణం సంతకం తేడా అయితే కస్టమరుతో మాట పడాల్సి వస్తుంది.

కారణంతో పాటు తేదీ కూడా లెక్కే. సొమ్ము చాలక చెక్కు వాపసు వస్తే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద వెళ్లాలంటే, వాపసు సంగతి బ్యాంకు ద్వారా తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లోగా రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక చెల్లించడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఫోటో 16న వచ్చినా, బ్యాంకు సందేశం 12నే ఫోనులో పడి ఉండవచ్చు. కాబట్టి 12 నుంచే లెక్కపెట్టి, జూలై 12ను దాటనీయకపోవడమే క్షేమం. మెమో ఫోటోతో పాటు ఆ సందేశాన్ని కూడా కస్టమరు ఫైలులో దాచండి.

సమస్య: కస్టమరు తన లెక్కకూ మన లెక్కకూ రూ.295 తేడా అంటున్నాడు

మన రుసుమును అతని మీద వేశాం, అతనికి చెప్పలేదు. పైగా దాన్ని ఏదో ఒక బిల్లుకు కలిపేశాం. రుసుము వసూలు చేసే షరతు ముందే ఒప్పుకుని ఉంటే, వేరే డెబిట్ నోటు వేసి వేరే రిఫరెన్సుగా ఉంచండి. బిల్లు అంకెను ముట్టుకోవద్దు. రూ.45ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వాడుకుంటే అతని నుంచి అడగాల్సింది రూ.250 మాత్రమే, నా ఉద్దేశంలో అదే న్యాయం. ఆ వసూలు మీద జీఎస్టీ వేయనక్కరలేదు. చెక్కు వాపసు మీద వేసే జరిమానా ఏ సేవకూ ప్రతిఫలం కాదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టులో ఇచ్చిన వివరణలో ఉంది.

సమస్య: అదే చెక్కు మళ్లీ వేస్తే సాఫ్ట్‌వేరు ఒప్పుకోవడం లేదు

చెక్కు తేదీ నుంచి మూడు నెలల గడువు లోపల మళ్లీ వేయవచ్చు. మన చెక్కుకు జూన్ 8 నుంచి లెక్క. చెక్కు నంబరు ఇప్పటికే ఉందని సాఫ్ట్‌వేరు ఆపితే పాత రశీదు తేదీ మార్చడం మాత్రం చేయకండి, జూన్ నెల సరిచూసిన లెక్కంతా చెదిరిపోతుంది. రెండోసారి వేసిన తేదీతో కొత్త రశీదు నమోదు చేసి, నంబరు చివర 'ఆర్' అని తగిలించి, అవే మూడు బిల్లులకు మళ్లీ జత చేయండి.