ఫుడ్ అడిటివ్స్ పరీక్షలో స్వీటెనర్ల తీపి, క్యాలరీల లెక్క ఎలా చేయాలి?

స్వీటెనర్ల లెక్కల్లో మార్కులు పోయేది ఎక్కువగా ఒకే చోట. పోల్చాల్సింది గ్రాముకి గ్రామా, తీపికి తీపా అన్నది చూసుకోకుండానే చాలామంది గుణకారం మొదలుపెట్టేస్తారు. "సార్బిటాల్‌లో పంచదార కంటే క్యాలరీలు తక్కువ" అన్న మాట గ్రాముకి గ్రాము చూస్తే నిజమే. ప్రశ్నలో "అదే తీపి రావాలంటే" అన్న ముక్క ఉంటే మాత్రం జవాబు తిరగబడవచ్చు. అందుకే ప్రశ్న చదవగానే ఆ ముక్క కోసం వెతికి, ఉంటే కింద గీత గీయండి.

1. ముందు అంకెలు రాసుకోండి. పంచదార తీపిని 1గా తీసుకుంటారు, శక్తి గ్రాముకి సుమారు 4 కిలోక్యాలరీలు. హై ఇంటెన్సిటీ స్వీటెనర్లలో ఆస్పర్టేమ్ తీపి సుమారు 200, సుక్రలోజ్‌ది 600. షుగర్ ఆల్కహాల్స్‌లో జైలిటాల్ 1, మాల్టిటాల్ 0.9, సార్బిటాల్ 0.6.

శక్తి విలువల దగ్గర కాస్త ఆగాలి. అమెరికా లేబుళ్ల లెక్కలో సార్బిటాల్ 2.6, జైలిటాల్ 2.4, మాల్టిటాల్ 2.1, ఎరిత్రిటాల్ 0. యూరోపియన్ యూనియన్‌లో ఈ గొడవ లేదు. ఎరిత్రిటాల్‌కి సున్నా, మిగతా అన్నిటికీ 2.4. ప్రశ్నలో విలువలు ఇస్తే వాటినే వాడండి, బట్టీ పట్టినవి పక్కన పెట్టేయండి.

కారణం తెలిస్తే ఈ అంకెలు గుర్తుంటాయి. షుగర్ ఆల్కహాల్స్ చిన్నపేగులో పూర్తిగా ఇంకవు. మిగిలింది పెద్దపేగుకి చేరితే అక్కడి బాక్టీరియా పులియబెడుతుంది, దాని నుంచి శరీరానికి దక్కే శక్తి కొంతే. ఎరిత్రిటాల్ దారి వేరు. అది చాలావరకు రక్తంలోకి వెళ్తుంది కానీ, మార్పు లేకుండా మూత్రంలో బయటికొచ్చేస్తుంది.

2. కావాల్సిన బరువు కనుక్కోండి. పంచదార బరువుని స్వీటెనర్ తీపితో భాగించాలి. 250 మి.లీ. పానీయంలో 25 గ్రాముల పంచదార ఉందనుకోండి, అంటే 100 కిలోక్యాలరీలు. అదే తీపికి ఆస్పర్టేమ్ 25 ÷ 200 = 0.125 గ్రాములు, అంటే 125 మిల్లీగ్రాములు చాలు. సార్బిటాల్ అయితే 25 ÷ 0.6 = 41.7 గ్రాములు పడుతుంది. తీపి 1 కంటే తక్కువ ఉన్న పదార్థానికి బరువు పెరగాలి, తగ్గితే భాగించాల్సిన చోట గుణించారన్నమాట.

3. ఆ బరువుని గ్రాము శక్తితో గుణించండి. ఆస్పర్టేమ్‌కి గ్రాముకి 4 కిలోక్యాలరీలు ఉన్నాయి, సున్నా కాదు. అది అమైనో ఆమ్లాలతో తయారైంది, కాబట్టి ప్రోటీన్ లాగే శక్తినిస్తుంది. కానీ 0.125 × 4 = 0.5 కిలోక్యాలరీ మాత్రమే. సుక్రలోజ్‌కి ఈ మెట్టే అక్కర్లేదు, శక్తి సున్నాగా తీసుకుంటారు.

ఇక సార్బిటాల్: 41.7 × 2.6 = 108 కిలోక్యాలరీలు. పంచదార కంటే ఎక్కువే! 2.4 విలువతో చేస్తే సరిగ్గా 100 వస్తుంది, అంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. జైలిటాల్‌కి 25 × 2.4 = 60, మాల్టిటాల్‌కి 27.8 × 2.1 = 58. మల్టిపుల్ చాయిస్‌లో టైమ్ లేకపోతే గ్రాము శక్తిని తీపితో భాగించి చూడండి. ఫలితం 4 దాటితే పంచదార కంటే దండగ. సార్బిటాల్‌కి 2.6 ÷ 0.6 = 4.3.

4. మిగతా బరువు ఏమైందో అడగండి. టెన్షన్ పెట్టే ప్రశ్నలు ఇక్కడి నుంచే వస్తాయి. ఒక గ్రాము సాషేలో 40 మి.గ్రా. ఆస్పర్టేమ్, మిగతా 960 మి.గ్రా. ఫిల్లర్‌గా గ్రాముకి 4 కిలోక్యాలరీలిచ్చే మాల్టోడెక్స్‌ట్రిన్ ఉందనుకుందాం. తీపి దాదాపు 8 గ్రాముల పంచదారకి సమానం. శక్తి మాత్రం 0.16 + 3.84 = 4 కిలోక్యాలరీలు, అందులో ఎక్కువ భాగం ఫిల్లర్‌దే. 8 గ్రాముల పంచదార అయితే 32 వచ్చేవి. అమెరికా నిబంధనల్లో ఒక సర్వింగ్‌కి 5 కిలోక్యాలరీల లోపు ఉంటే "క్యాలరీ ఫ్రీ" అని రాయొచ్చు, కాబట్టి ఈ సాషేకి ఆ మాట చెల్లుతుంది.

5. తీపి అంకెని రాయి మీద గీత అనుకోకండి. గాఢత పెరిగేకొద్దీ హై ఇంటెన్సిటీ స్వీటెనర్ల తీపి నిష్పత్తి పడిపోతుంది. ఉష్ణోగ్రత, ఆమ్లత కూడా మారుస్తాయి. వివరణ ప్రశ్నలో "సుమారు" అని రాసి, ఈ కారణం ఒక వాక్యంలో పెట్టండి. మోతాదు సంగతి అడిగితే సార్బిటాల్ లెక్కకే వెళ్లండి. రోజుకి 50 గ్రాములు దాటే అవకాశం ఉన్న ఆహారాలకి విరేచనకారి హెచ్చరిక ఉండాలన్నది అమెరికా నిబంధన. మన 41.7 గ్రాముల గ్లాసు రెండోసారి తాగితే ఆ గీత దాటేసినట్టే.