నెల రోజులు ఆర్డర్లు రెట్టింపుగా చూపించాం: క్లయింటుకు ఏమని రాయాలి?

సమస్య

జూన్ రిపోర్టు అందిన మర్నాడే చీరల ఆన్‌లైన్ దుకాణం యజమాని ఫోను చేశారు. "ప్రకటనల వల్ల 412 ఆర్డర్లు అన్నారు. అన్ని వైపుల నుంచీ కలిపినా మా పుస్తకంలో 260 దాటలేదండీ." పది, ఇరవై తేడా ఉంటే లెక్కించే పద్ధతులు వేరని సర్దిచెప్పవచ్చు. భాగం మొత్తాన్ని మించిపోయాక చెప్పడానికేమీ ఉండదు.

కారణం

గూగుల్ యాడ్స్ రిపోర్టును కన్వర్షన్ యాక్షన్ వారీగా విడదీసి చూశాం. యాడ్స్ ట్యాగు నమోదు చేసినవి 209, GA4 నుంచి తెచ్చుకున్న `purchase` కింద 203. రెండూ Primaryగా ఉన్నాయి కాబట్టి కొన్న చీరే రెండోసారీ లెక్కకెక్కింది. నెల మొదట్లో GA4ను జోడించింది మేమే.

అంకె దాదాపు రెట్టింపైతే ముందు ఇక్కడే వెతకండి. పావువంతో, మూడోవంతో పెరిగితే అనుమానించాల్సింది ఆర్డరు తర్వాత వచ్చే ధన్యవాదాల పేజీని. కొన్నవారు దాన్ని మళ్లీ తెరిచినప్పుడల్లా ట్యాగు ఇంకోటి లెక్కిస్తుంది. ట్యాగులో `transaction_id` పంపితే అది ఆగుతుంది. మా తప్పుకు మాత్రం ఆ మందు పనిచేయదు, ఎందుకంటే అది ఒకే యాక్షన్ లోపలి నకళ్లనే పట్టుకుంటుంది.

పరిష్కారం: ముందు ఖాతాలో

GA4 యాక్షన్‌ను Secondary చేశాం. జూన్ లెక్కను చేత్తో మళ్లీ వేశాం. ఖర్చు ₹1,80,000. ఒక్కో ఆర్డరుకు ₹437 పడిందని చెప్పాం, పడింది ₹861. చాలామంది మరిచేది బిడ్డింగును. టార్గెట్ CPA ₹450గానే వదిలేస్తే, నిజమైన అంకెలు చేరేకొద్దీ సిస్టమ్ బిడ్లు తగ్గించేసి ప్రకటనలను దాదాపు ఆపేస్తుంది. అందుకే లక్ష్యాన్ని మార్చి, తప్పు తేదీలకు డేటా ఎక్స్‌క్లూజన్ పెట్టాం.

తర్వాత లేఖలో

మా మొదటి చిత్తుప్రతిలో "సాంకేతిక కారణాల వల్ల" అని ఉంది. కొట్టేశాం. ఆ మాట చదివితే ఎవరి తప్పో తెలియదు, ఎంత తప్పో అసలే తెలియదు. చివరికి పంపిన లేఖలో, మే నెల గురించిన చివరి వాక్యం తప్ప, మిగతాదంతా ఇది:

> జూన్‌లో ప్రకటనల ద్వారా 412 ఆర్డర్లు వచ్చాయని రాశాం. వచ్చినవి 209. ఒకే కొనుగోలు రెండుసార్లు లెక్కకు వచ్చేలా అమర్చింది మేమే, సరిచూడనిదీ మేమే. క్షమించండి. ఇలా రెట్టింపైన అంకెలు చూపించే 10వ తేదీన బడ్జెట్టు ₹60,000 పెంచమని సలహా ఇచ్చాం. ఆ పెంపుపై మా 10 శాతం రుసుము ₹6,000ను బిల్లులో తగ్గిస్తున్నాం. ఇకపై మీ ఆర్డర్ల పుస్తకంతో పోల్చాకే రిపోర్టు పంపుతాం.

లేఖకు ముందు ఫోనులో ఇదంతా చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే: "మరి మే నెల లెక్కలు?" అప్పటికి GA4ను జోడించనే లేదు. అయినా మే ఆర్డర్లను పుస్తకంతో ఒక్కొక్కటిగా పోల్చి, ఆ ఫలితాన్ని చివరి వాక్యంగా చేర్చాకే లేఖ పంపాం.