ఫొటో నుంచి ఎక్కించిన మార్కులకు ర్యాంకు వేసే ముందు

బెంగళూరులో మా ట్యూషన్ పిల్లల మార్కుల పట్టికను ఫొటో నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించినప్పుడు, 60లోని సున్నా ‘ఓ’ అక్షరంగా పడితే కింది సూత్రం #VALUE! అని తానే పట్టిస్తుంది గాని, 71 కాస్తా 77గా పడితే కిమ్మనదు. మొదటి వరుసలో వెయిటేజీలు 20, 30, 50, రెండో వరుసలో గరిష్ఠ మార్కులు 40, 80, 100, మూడో వరుసలో ఒక విద్యార్థి మార్కులు 32, 60, 71 ఉన్నాయనుకుందాం.

```
=SUMPRODUCT(B3:D3/B$2:D$2,B$1:D$1)
```

దీనికి వెయిటేజీ సగటు 74 వస్తుంది; తప్పు అంకెతో 77 వచ్చి, ర్యాంకు ఊరికే పైకి పోతుంది. అందువల్ల ముందుగా ప్రతి వరుసనూ కూడి, కాగితం మీది మొత్తంతో పోల్చండి. ఇక్కడ 163 ఉండవలసిన చోట 169 కనబడుతుంది. ఆ తరువాతే, సగటును సవరించి పూర్ణాంకం చేయకుండా, RANK.EQ వాడండి, లేకపోతే 73.6, 74.4 వచ్చిన ఇద్దరికీ ఒకే ర్యాంకు పడుతుంది.