కిల్న్ - కూలర్ నోట్ తెలుగులో తేడా కొడితే: సమస్య - పరిష్కారం

విశాఖ చుట్టుపక్కల సిమెంటు యూనిట్లు చాలావరకు సిమెంటుకి ముడిసరుకైన క్లింకర్‌ని బయటి నుంచి తెప్పించుకుని, స్టీల్‌ప్లాంట్ స్లాగ్ కలిపి నూరేవే. సున్నపురాయి దొరికే పల్నాడు, నంద్యాల, కడప వైపే కిల్న్‌లు, అంటే క్లింకర్‌ని కాల్చే తిరుగుడు కొలిమిలు, ఉంటాయి. అయినా కిల్న్ నోట్‌లు తెలుగు చేసే పని ఇక్కడికీ వస్తుంది. షట్‌డౌన్ పనులకూ, క్లింకర్‌ని చల్లార్చే కూలర్ క్లీనింగ్‌కూ గాజువాక, ఆటోనగర్ వైపు నుంచి ఫిట్టర్లూ రిగ్గర్లూ ఇటుక మేస్త్రులూ వెళ్తుంటారు. ప్లాంటువాళ్ళు ఇచ్చిన ఇంగ్లిష్ నోట్‌ని వాళ్ళకోసం ఎవరో ఒకరు తెలుగులో రాసిపెట్టాలి.

ఇక్కడ ఉండి అనువదించేవాళ్ళకి ఒక చిక్కుంది. మన కంటపడే క్లింకర్ వ్యాగన్‌లోంచి దిగిన చల్లటి నల్ల గుండ్లు. నోట్‌లో ఉన్న క్లింకర్ మాత్రం 1450 డిగ్రీల దాకా కాలి కిల్న్ మూతిలోంచి అప్పుడే పడుతున్నది. ఆ తేడా మనసులో లేకపోతే వాక్యం తెలుగులో బాగానే కుదురుతుంది, పని మాత్రం తప్పుతుంది.

ఈ మధ్య నా దగ్గరికి దిద్దడానికి వచ్చిన ఒక అనువాదాన్ని పట్టుకుని చెబుతాను. మూల నోట్ నాలుగు వాక్యాలే. కూలర్ మొదట్లో స్నోమాన్ పెరుగుతోంది, ఎడమవైపు రెడ్ రివర్ కనిపిస్తోంది, హుడ్ డ్రాఫ్ట్, అంటే కిల్న్, కూలర్ కలిసేచోట గాలిని లాగే బలం, తక్కువగా ఉంది కాబట్టి ఊచతో పొడిచే రంధ్రం, అదే పోక్ హోల్, తెరిచేముందు పెంచాలి, ఎయిర్ బ్లాస్టర్లు ఐసొలేట్ చేయాలి. నాలుగింటిలోనూ తేడా వచ్చింది.

సమస్య: డ్రాఫ్ట్‌ని రెండో దిక్కుకి తిప్పుతున్నారు

ప్యానెల్ మీద కనిపించేది ఇది:

```
HOOD DRAFT   -1.0 mmWC
```

mmWC అంటే నీటి మట్టం మిల్లీమీటర్లలో కొలిచిన పీడనం. దాన్ని మైనస్ 4కి తేవాలన్నది మూలం. లెక్క ప్రకారం మైనస్ 4 అనేది మైనస్ 1 కంటే చిన్నది కదా అని అనువాదకుడు "డ్రాఫ్ట్‌ని -4కి తగ్గించండి" అని రాశాడు. లెక్కగా తప్పు కాదు. కానీ ప్లాంట్‌లో "డ్రాఫ్ట్ తగ్గించు" అంటే లాగే బలం తగ్గించమని అర్థం. ఆ మాట విన్నవాడు వెంట్ ఫ్యాన్ స్పీడ్ తగ్గిస్తాడు. అంకె సున్నా దాటి ప్లస్‌లోకి వెళ్తుంది. దాన్నే "హుడ్ పాజిటివ్ అయింది" అంటారు.

కారణం అర్థం కావాలంటే గాలి దారి తెలియాలి. కూలర్ కింద ఉన్న ఫ్యాన్‌లు, క్లింకర్ పరుచుకునే గ్రేట్ ప్లేట్ల సందుల్లోంచి చల్లగాలిని పైకి తోస్తాయి. అది వేడి క్లింకర్ గుండా వెళ్ళి తానూ వేడెక్కుతుంది. అందులో కొంత సెకండరీ ఎయిర్‌గా కిల్న్‌లోకి, కొంత టెర్షియరీ ఎయిర్‌గా, ముడిపొడిని కిల్న్‌కి ముందే కాల్చే కాల్సినర్‌కి పోతుంది. ఈ రెండింటినీ లాగేది అవతలి కొసనున్న ఐడీ ఫ్యాన్. మిగిలినది కూలర్ వెంట్ ఫ్యాన్ ద్వారా బయటికి పోతుంది. కింద నుంచి తోసేదాని కంటే ఈ రెండు వైపులా లాగేది కాస్త ఎక్కువగా ఉంటేనే హుడ్‌లో మైనస్ నిలుస్తుంది. తోసేది ఎక్కువైతే వేడి గాలి, ఎర్రటి ధూళి హుడ్ తలుపు సందుల్లోంచీ పోక్ హోల్‌లోంచీ బయటికి తన్నుకొస్తాయి. అప్పుడు ఆ రంధ్రం ముందు ఊచ పట్టుకుని నిలబడి ఉండేది మన మేస్త్రే.

పరిష్కారం మూడు భాగాలు. మొదటిది, డ్రాఫ్ట్ విషయంలో "పెంచు, తగ్గించు" అని ఒంటరిగా రాయకూడదు. "లాగుడు" అనే మాట వాడితే దిక్కు దానంతటదే తేలిపోతుంది. "లాగుడు పెంచాలి" అన్నప్పుడు ఎవరికీ అనుమానం రాదు. రెండోది, ఇప్పుడున్న అంకె, కావలసిన అంకె రెండూ ఇచ్చి మధ్యలో "నుంచి" రాయాలి. "-1 - -4" అని గీతలతో రాస్తే ఫోన్‌లో ఏది గీతో ఏది మైనసో తెలీదు. లైను చివర మైనస్ గుర్తు ఆగిపోయి అంకె ఒక్కటే కిందికి దిగిన సందర్భాలు కూడా ఉంటాయి. అందుకే మైనస్‌ని అక్షరాల్లోనే రాయాలి. మూడోది, లాగుడు పెంచడానికి ఏది కదపాలో నోట్ రాసినవాళ్ళని అడగాలి. వెంట్ ఫ్యాన్ స్పీడ్ పెంచవచ్చు, కూలర్ వెనక కంపార్ట్‌మెంట్ల ఫ్యాన్‌లు తగ్గించీ అదే ఫలితం తేవచ్చు. మూలంలో లేని దాన్ని మనం ఊహించి చేర్చడం అనువాదం కాదు. ఒక్క ఫోన్ చేస్తే తేలుతుంది.

సమస్య: స్నోమాన్, రెడ్ రివర్ రెండూ ఒకటే అనుకుంటున్నారు

ఆ అనువాదంలో "మంచు మనిషి ఏర్పడుతోంది, ఎడమవైపు ఎర్రటి ద్రవం ప్రవహిస్తోంది" అని ఉంది. మొదటిది చదివితే ఏమీ బోధపడదు. రెండోది ఇంకా చెడ్డది, ఎందుకంటే బోధపడుతుంది, తప్పుగా. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసి వచ్చినవాళ్ళకి ఎర్రటి ద్రవం అంటే కరిగిన లోహమే. వాళ్ళు కూలర్‌లో అలాంటిది కారుతోందనుకుంటారు.

స్నోమాన్ అంటే కిల్న్ నుంచి క్లింకర్ పడేచోట, కూలర్ మొదటి వరసల మీద, జిగటగా ఉన్న వేడి క్లింకర్ ఒకదానికొకటి అంటుకుని పుట్టలా పైకి లేవడం. క్లింకర్‌లో ద్రవ భాగం ఎక్కువైనా, మంట సరిగా లేక క్లింకర్ మరీ వేడిగా, జిగటగా కిందికి వచ్చినా ఇది పెరుగుతుంది. అది కదలదు. అదే దాని ప్రమాదం. పొడిచినప్పుడు ఒక్కసారిగా విరిగిపడి, వేడిగాలిని ముందుకు తోస్తుంది.

రెడ్ రివర్ దాదాపు దీనికి ఎదురు. అక్కడ క్లింకర్ అంటుకోవడం లేదు, సన్నటి పొడిగా వస్తోంది. కిల్న్ తిరిగే తిరుగుడుకి సన్నది ఒక పక్కకీ పెద్ద గుండ్లు మరో పక్కకీ చేరతాయి. సన్నది ఉన్నవైపు గాలి సమంగా దూరదు. దాంతో పక్కనున్న క్లింకర్ నల్లబడిపోయినా ఆ గోడ వెంట ఒక ఎర్రటి చార చల్లారకుండా కూలర్ పొడవునా సాగిపోతుంది. గ్రేట్ ప్లేట్లూ పక్కగోడ ఇటుకా దెబ్బతినేది అక్కడే. అది ద్రవం కాదు, ఎర్రగా కాగుతున్న పొడి. గాలి తగిలి నీళ్ళలా జారుతుంది, అంతే.

పరిష్కారం: ప్లాంట్‌లో అందరూ అనే మాటలు స్నోమాన్, రెడ్ రివర్. వాటిని తీసెయ్యకండి. మేస్త్రి అక్కడికెళ్ళి వినేవీ అవే. ఐతే మొదటిసారి వచ్చినచోట పక్కనే ఒక తెలుగు వాక్యం పెట్టాలి: "స్నోమాన్, అంటే కూలర్ మొదట్లో అంటుకుని పుట్టలా లేచిన వేడి క్లింకర్", "రెడ్ రివర్, అంటే గోడ వెంట చల్లారకుండా జారే ఎర్రటి సన్న క్లింకర్". రెండోసారి నుంచి ఆ మాట ఒక్కటే చాలు. ఎడమ అన్నప్పుడు ఎక్కడ నిలబడి చూస్తే ఎడమో కూడా అడిగి రాయాలి. కిల్న్ వైపు మొహం పెట్టి చూసేవాడికీ, క్లింకర్ వెళ్ళే దిక్కుకి చూసేవాడికీ ఎడమ మారిపోతుంది.

సమస్య: ఎయిర్ బ్లాస్టర్లు విప్పేయబోయారు

ఇదే అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది. ఎయిర్ బ్లాస్టర్ ట్యాంకులో అదిమిపెట్టిన గాలి ఉంటుంది. అది ఒక్క దెబ్బతో లోపలికి వదిలి అంటుకున్న క్లింకర్‌ని ఊడగొడుతుంది. మనిషి ఊచతో పొడుస్తున్నప్పుడు అది పేలితే వేడి క్లింకర్ అతని మీదికే వస్తుంది. అందుకని పోక్ హోల్ తెరవక ముందే ఐసొలేట్ చేయమంటారు. అనువాదంలో "ఎయిర్ బ్లాస్టర్లను వేరు చేయండి" అని ఉంది. ఫిట్టర్‌కి వేరు చేయడమంటే బోల్టులు విప్పి పక్కన పెట్టడం. లోపల గాలి నిండుగా ఉన్న ట్యాంకు మీద స్పానర్ వేయడమన్నమాట.

నిఘంటువులో ఆ ఇంగ్లిష్ మాటకి మొదట కనిపించే అర్థాన్ని తీసుకోవడమే కారణం. ప్లాంట్‌లో దాని అర్థం ఒక మాట కాదు, వరసగా చేసే పనులు. గాలి వచ్చే వాల్వ్ మూయాలి, ట్యాంకులో మిగిలిన గాలి వదిలేయాలి, కరెంటు సప్లై ఆపాలి, తాళమూ ట్యాగూ వేయాలి. పరిష్కారం కూడా అదే: ఆ పనులను వరసగా, ఒక్కోటి ఒక్కో వాక్యంగా రాయాలి. ఆ వరస ప్లాంటు పర్మిట్ కాగితంలో ఉంటుంది, అక్కడ ఉన్నట్టే రాయాలి.

సమస్య: ఉంచాల్సిన పొరని చెరపమన్నట్టు చదువుతున్నారు

ఇటుక మేస్త్రుల నోట్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. కోటింగ్, రింగ్ రెండింటికీ "పేరుకుపోవడం" అని రాస్తే రెండూ దులిపేయాల్సినవే అనిపిస్తాయి. కోటింగ్ కావలసినది. కిల్న్‌లో మంట ఉండే బర్నింగ్ జోన్‌లో ఇటుక మీద క్లింకరే ఒక పొరగా అంటుకుని ఇటుకని కాపాడుతుంది. అది ఊడితే కిల్న్ బయటి ఇనుప షెల్ మీద వేడి మచ్చ కనిపిస్తుంది. రింగ్ అంటే అదే చోట గానీ వేరే చోట గానీ చుట్టూ దట్టంగా పెరిగి దారిని ఇరుకు చేసేది. కోటింగ్‌ని "ఇటుకను కాపాడే పొర" అనీ, రింగ్‌ని "దారికి అడ్డంగా చుట్టూ పెరిగిన గట్టు" అనీ ఒకసారి విడదీసి రాస్తే చాలు.

ఫ్రీ లైమ్‌ని "ఉచిత సున్నం" అనడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అది మిగతా వాటితో కలవకుండా మిగిలిపోయిన సున్నం. సాధారణంగా 1 నుంచి 1.5 శాతం దాకా ఉంటుంది, అంతకంటే బాగా పెరిగితే క్లింకర్ సరిగా కాలలేదని అనుమానించాలి. "కలవని సున్నం" అంటే ల్యాబ్ కుర్రాళ్ళకీ అర్థమవుతుంది.

ప్లాంటువాళ్ళని అనుమానాలన్నీ అడిగి తెలుసుకుని, పర్మిట్ కాగితం చూశాక, ఆ నాలుగు వాక్యాల నోట్ చివరికి ఇలా తయారైంది:

"కూలర్ మొదట్లో స్నోమాన్ పెరుగుతోంది, అంటే అంటుకుని పుట్టలా లేచిన వేడి క్లింకర్. క్లింకర్ వెళ్ళే దిక్కుకి చూస్తే ఎడమ గోడ వెంట రెడ్ రివర్ ఉంది, అంటే చల్లారకుండా జారే ఎర్రటి సన్న క్లింకర్. ఆ వైపు ప్లేట్ల దగ్గరికి వెళ్ళకూడదు. హుడ్‌లో లాగుడు ఇప్పుడు మైనస్ 1 మిల్లీమీటరే. వెంట్ ఫ్యాన్ స్పీడ్ పెంచి మైనస్ 1 నుంచి మైనస్ 4కి తేవాలి. ఎయిర్ బ్లాస్టర్ల గాలి వాల్వ్ మూయాలి. ట్యాంకుల్లో గాలి వదిలేయాలి. కరెంటు ఆపాలి. తాళం వేసి ట్యాగ్ కట్టాలి. బ్లాస్టర్లను విప్పకూడదు. లాగుడు మైనస్ 4 దగ్గర కదలకుండా నిలిచిందని కంట్రోల్ రూమ్ చెప్పాకే పోక్ హోల్ మూత తీయాలి."