అన్నదమ్ములు కలిసి కారు కొనేటప్పుడు

నేను కర్నూల్లో, మా తమ్ముడు నంద్యాల్లో. ఇద్దరం కలిసి 9 లక్షలకి కారు తీసుకున్నాం, నావి 5, వానివి 4. ఆర్సీలో మామూలుగా ఒక్కరి పేరే పడుతుంది కాబట్టి నా పేరు పెట్టి, వాని 4 లక్షలు బ్యాంకు ద్వారా వేయించుకుని, ఎవరి వాటా ఎంతో స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం. రేపు 5 లక్షల 40 వేలకి అమ్మితే నాకు 3 లక్షలు, వానికి 2 లక్షల 40 వేలు, అంతే.

చాలామంది చూడంది ఇన్సూరెన్స్. పాలసీలో ఓనర్-డ్రైవర్‌కి ఉండే 15 లక్షల యాక్సిడెంట్ కవర్ ఆర్సీలో పేరున్నోళ్లకే, అంటే మా వాడు నడిపేటప్పుడు ఏమన్నా అయితే వానికి ఆ కవర్ రాదు, అందుకే వానికి వేరేగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసినాం. వాడు గీతలు పెట్టి క్లెయిమ్ చేసినా పోయేది నా నో క్లెయిమ్ బోనస్సే, చిన్న గీతలు ఎవరు పెడితే వాళ్లే చేతి డబ్బుతో చేయించాలని ముందే అనుకున్నాం.

వాడకం నెలలో చెరి పదిహేను రోజులు. తాళం చేతులు మారేటప్పుడు మీటర్ రీడింగ్, ఫ్యూయల్ ముల్లు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాం, టైర్ల ఖర్చు ఆ కిలోమీటర్ల లెక్కనే. పెళ్లిళ్ల సీజన్లో మాత్రం ఇంకా కొట్లాటే!