ఒక్క శాతం పొరపాటుకు ఎంతమంది నిర్దోషులు బలవుతారు? లెక్క ఎలా వేయాలి?

విద్యార్థి రాసిన వ్యాసాన్ని చూసి అది కృత్రిమ మేధతో రాయించినదో కాదో చెప్పే సాఫ్ట్‌వేర్లను విశ్వవిద్యాలయాలు వాడటం 2023లో ఊపందుకుంది. అప్పుడు టర్నిటిన్ సంస్థ తన పరికరం నిజాయతీగా రాసిన వ్యాసాన్ని తప్పుపట్టే అవకాశం ఒక్క శాతం లోపేనని ప్రకటించింది. అయితే అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం అదే ఏడాది ఆగస్టులో ఆ పరికరాన్ని ఆపివేసింది. అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి చిన్న గుణకారం. ఆ లెక్కను ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు.

మొదట మొత్తం వ్యాసాలెన్నో తెలుసుకోవాలి. విద్యార్థుల సంఖ్యతో పని జరగదు, ఎందుకంటే పరికరం చూసేది వ్యాసాన్నే కాని మనిషిని కాదు. వాండర్‌బిల్ట్ 2022లో ఆ సంస్థకు పంపిన వ్యాసాలు 75,000. అందులో ఒక్క శాతం అంటే 750. కృత్రిమ మేధను ఎవరూ వాడకపోయినా, ఏడాదిలో సుమారు 750 వ్యాసాల మీద మచ్చ పడేదన్నమాట.

రెండో మెట్టులో ఆ శాతం దేని మీద శాతమో చూడాలి. చాలామంది తడబడేది ఇక్కడే. ఒక్క శాతం పొరపాటు అనగానే, పట్టుబడిన వందమందిలో తొంభై తొమ్మిదిమంది దోషులేనని అనుకుంటారు. అది నిజం కాదు. ఆ ఒక్క శాతం నిజాయతీగా రాసిన వ్యాసాల మీద లెక్కించినది. పట్టుబడిన వాటిలో నిర్దోషుల వాటా ఎంతో చెప్పాలంటే, మోసం చేసినవారు అసలు ఎంతమంది ఉన్నారో, వారిలో ఎందరిని పరికరం పట్టగలదో కూడా కావాలి. ఈ రెండూ ఎవరికీ కచ్చితంగా తెలియవు కాబట్టి, ఊహించిన అంకెలతో రెండు మూడు సార్లు లెక్క వేసి చూడటమే మార్గం.

పరికరం మోసపు వ్యాసాల్లో 80 శాతాన్ని పడుతుందనుకుందాం. 75,000 వ్యాసాల్లో పదో వంతు, అంటే 7,500 మోసపువైతే, దొరికేవి 6,000. మిగిలిన 67,500 నిజాయతీ వ్యాసాల్లో ఒక్క శాతం, 675, అన్యాయంగా చిక్కుకుంటాయి. పట్టుబడిన ప్రతి పదింటిలో ఒకటి నిర్దోషిదన్నమాట. ఇక మోసం ఒక్క శాతమే, అంటే 750 వ్యాసాలే అనుకుంటే, దొరికేవి 600, అన్యాయంగా చిక్కేవి సుమారు 742. ఇప్పుడు పట్టుబడినవారిలో సగానికి పైగా నిర్దోషులే! పరికరం మారలేదు, దాని పొరపాటు రేటూ మారలేదు. తరగతిలో నిజాయతీ ఎక్కువైంది, అంతే. నిజాయతీపరులు ఎక్కువగా ఉన్న కళాశాలలోనే పరికరం మాటకు విలువ తక్కువ కావడం వింతగా తోచినా, లెక్క చెప్పేది అదే.

మూడో మెట్టు ఒకే విద్యార్థి వైపు నుంచి చూడటం. నాలుగేళ్ల డిగ్రీలో ఒకరు 40 వ్యాసాలు సమర్పిస్తారనుకోండి. ఒక్కో దానిలో తప్పించుకునే అవకాశం 0.99, నలభైసార్లూ తప్పించుకోవాలంటే దాన్ని నలభైసార్లు హెచ్చించాలి.

```
1 - 0.99^40 = 0.33
```

అంటే ఏ తప్పూ చేయని విద్యార్థికైనా చదువు ముగిసేలోగా ఒక్కసారైనా నింద పడే అవకాశం మూడింట ఒకటి. ఈ గుణకారం పొరపాట్లు ఎవరి మీదైనా సమానంగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడతాయన్న ఊహ మీద నిలబడింది. ఆ ఊహ ఎంత బలహీనమో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో చూపారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు పరికరాలకు ఇస్తే, సగటున 61.3 శాతం వ్యాసాలు యంత్రం రాసినవని తేలాయి. వాడుకలో ఉన్న మాటలతో, సాదా వాక్యాలతో రాసేవారి శైలి ఈ పరికరాలకు యంత్రపు రాతలా కనిపిస్తుంది. మన ఊళ్ల నుంచి అమెరికా వెళ్లి చదువుకునే పిల్లలకు, ఆ ఒక్క శాతం అనే మాట వర్తించకపోవచ్చని ముందే తెలియడం అవసరం.

అనుమానం వస్తే మరో పరికరంతో సరిచూస్తామని అధ్యాపకులు అంటారు. దాన్ని కూడా లెక్కకు పెట్టి చూడవచ్చు. ఏడు పరికరాల పొరపాట్లకు పరస్పరం సంబంధం లేకపోతే, ఏడూ కలిసి ఒకే వ్యాసాన్ని తప్పుపట్టే అవకాశం 0.613ను ఏడుసార్లు హెచ్చిస్తే వచ్చే సుమారు 3.3 శాతానికి మించకూడదు. 91 వ్యాసాల్లో అది మహా అయితే మూడు. ఆ పరిశోధనలో ఏడు పరికరాలూ ఏకగ్రీవంగా తప్పుపట్టినవి 18.